నెలకు 3 వేలతో హన్మకొండా, 8 వేలతో హైదరాబాదా? ఏ ఇంటర్న్‌షిప్ న్యాయంగా ఉంది?

శ్రావ్య_పరకాల

అందరికీ నమస్తే. నేను బీకాం కంప్యూటర్స్ ఫైనల్ ఇయర్. మాది పరకాల దగ్గర ఊరు, కాలేజీ హన్మకొండలో. ఈ నెలాఖరుకు పరీక్షలు అయిపోతాయి. జూన్ నుంచి ఇంటర్న్‌షిప్ చేద్దామని రెండు చోట్ల అడిగితే రెండు చోట్లా రమ్మన్నారు. ఏది ఒప్పుకోవాలో తేలడం లేదు.

మొదటిది హన్మకొండ నక్కలగుట్టలో ఒక ట్యాక్స్ కన్సల్టెంట్ గారి ఆఫీసు. మూడు నెలలు. మొదటి నెల ఏమీ ఇవ్వరు, తర్వాత నెలకు 3,000. పొద్దున 10 నుంచి సాయంత్రం 6, ఆదివారం సెలవు. జీఎస్టీ రిటర్నుల రోజుల్లో రాత్రి ఎనిమిదిన్నర దాకా ఉండాలన్నారు. రెండోది హైదరాబాద్‌లో ఒక కంపెనీ, అకౌంట్స్ ఇంటర్న్ అంటున్నారు. ఆరు నెలలు, నెలకు 8,000, తొమ్మిదిన్నర నుంచి 7 వరకు, వారానికి ఆరు రోజులు. హాస్టల్ చూసుకోవాలి.

నాన్న హన్మకొండే మంచిదంటున్నారు. నా ఫ్రెండ్స్ మాత్రం "డబ్బులివ్వకుండా చేయించుకోవడం మోసం, 8 వేలు వదలొద్దు" అంటున్నారు. ఎలా ఆలోచించాలో చెప్పండి.

రమేశ్_కరీంనగర్

చెల్లె, మొదటి ఆఫీసు వాళ్లు చేస్తున్నది చట్టానికి విరుద్ధం. డిగ్రీ వాళ్లకు నెలకు కనీసం 9,000 ఇవ్వాలని అప్రెంటిస్ రూల్స్‌లో ఉంది. 2019లోనే వచ్చింది. ఆ లెక్కన 8 వేలు కూడా తక్కువే. లేబర్ ఆఫీసులో ఫిర్యాదు చేస్తానంటే వాళ్లే దిగి వస్తారు.

కిరణ్_నర్సంపేట

ఈ రెండూ ఎందుకు సిస్టర్? పీఎం ఇంటర్న్‌షిప్ స్కీమ్‌కి అప్లై చెయ్యండి. 2024లో మొదలైనప్పుడు పెద్ద కంపెనీల్లో ఏడాది, నెలకు 5,000 అన్నారు. చేరేటప్పుడు ఇంకో 6,000 ఒకేసారి ఇస్తామన్నారు. పోర్టల్‌లో రిజిస్టర్ అవ్వాలి, ఆధార్ రెడీగా పెట్టుకోండి.

శ్రావ్య_పరకాల

కిరణ్ గారూ, చూశాను. నేను చూసిన నోటిఫికేషన్‌లో 21 నిండాలని ఉంది, నాకు 20. పైగా రెగ్యులర్‌గా చదువుతున్న వాళ్లకు లేదని ఉంది. వచ్చే ఏడు చూస్తాను. ఇప్పటికి నా ముందున్నవి ఈ రెండే.

రమేశ్ అన్నా, 9 వేల రూల్ నాకూ వర్తిస్తుందా?

సుజాత_హంటర్‌రోడ్

శ్రావ్యా, నేను అకౌంట్స్‌లో 14 ఏళ్లుగా ఉన్నాను. మా ఆఫీసుకు వచ్చే ఇంటర్న్‌లను చూసుకునేది నేనే.

ముందు రమేశ్ గారి మాట. 9,000 అనే అంకె నిజమే, కానీ అది అప్రెంటిస్‌కు. ప్రభుత్వ పోర్టల్‌లో నీ పేరు మీద, ఆఫీసు పేరు మీద అప్రెంటిస్‌షిప్ కాంట్రాక్టు నమోదైతేనే ఆ రూల్ వర్తిస్తుంది. 30 మంది, అంతకు మించి పనిచేసే చోట్ల అప్రెంటిస్‌లను తీసుకోవడం తప్పనిసరి. నలుగురైదుగురు ఉండే కన్సల్టెంట్ ఆఫీసుకు ఆ బాధ్యత లేదు. ఉత్త ఇంటర్న్‌కు ఇంత ఇవ్వాలని చెప్పే చట్టమేదీ లేదు. కాబట్టి ఫిర్యాదు చేస్తానని బెదిరిస్తే పోయేది నీ అవకాశమే. న్యాయమా కాదా అన్నది మనమే లెక్క వేసుకోవాలి.

ఆ లెక్కకు ఇంకొన్ని వివరాలు కావాలి. బస్సు ఎట్లా, ఆటోకు ఎంత, మధ్యాహ్నం అన్నం ఎక్కడ, హాస్టల్ ఎంత చెప్తున్నారు?

శ్రావ్య_పరకాల

అక్కా, ఎక్స్‌ప్రెస్ బస్సులో మహాలక్ష్మి ఉంది కాబట్టి టికెట్ లేదు. ఒక్కో వైపు గంటకు పైనే పడుతుంది. బస్టాండ్ నుంచి ఆఫీసుకు షేర్ ఆటో రానూ పోనూ 40. అన్నం ఇంటి నుంచి డబ్బాలో తీసుకెళ్తాను. హైదరాబాద్‌లో హాస్టల్ తిండితో కలిపి 6,500. అక్కడ కూడా సిటీ బస్సు ఫ్రీనే. ఫోనుకీ సబ్బులకీ పై ఖర్చులకీ ఇంకో 1,000 అవుతుందేమో.

సుజాత_హంటర్‌రోడ్

సరే, ఇద్దరం కలిసి వేద్దాం.

హన్మకొండ ఆఫీసులో పది నుంచి ఆరు. లంచ్ గంట తీసేస్తే రోజుకు 7 గంటలు. నెలకు 25 రోజులైతే 175. రిటర్నుల రోజులు నెలలో ఎనిమిది అనుకుంటే, రోజుకు రెండున్నర గంటలు ఎక్కువ, అంటే ఇంకో 20. నెలకు 195, మూడు నెలలకు 585 గంటలు. చేతికొచ్చేది మొత్తం 6,000. అందులో ఆటోకు 3,000 పోతుంది. మిగిలేది 3,000. గంటకు 5 రూపాయల చిల్లర.

హైదరాబాద్‌లో లంచ్ తీసేస్తే రోజుకు ఎనిమిదిన్నర గంటలు. 26 రోజులకు 221. 8,000లో హాస్టల్, పై ఖర్చులు పోతే మిగిలేది 500. గంటకు 2 రూపాయల పావలా.

"డబ్బులిచ్చేది", "ఇవ్వనిది" అని పేర్లు పెట్టి చూస్తే ఈ సంగతి కనపడదు. 8 వేలు ఇచ్చే చోట నీ చేతిలో మిగిలేదే తక్కువ.

వెంకట్_హుజూరాబాద్

సుజాత గారూ, మీ లెక్కలో ఒక తప్పుంది. హాస్టల్ 6,500లో తిండి కూడా ఉంది కదా. అమ్మాయి ఇంట్లో ఉన్నా తింటుంది. ఇంట్లో తిండి ఖర్చు 2,000 అనుకున్నా, హైదరాబాద్ వెళ్తే అది ఇంటివాళ్లకు మిగులుతుంది. దాన్ని కలపండి.

ఇక నా సంగతి చెప్తాను. నేను సీఏ చదువులో భాగంగా ఆఫీసులో చేసే శిక్షణ, ఆర్టికల్‌షిప్, చేసినవాణ్ణి. అప్పుడు మూడేళ్లు, ఇప్పుడు రెండేళ్లకు తగ్గించారు. మొదటి ఏడు నాకు వచ్చిన డబ్బు రూమ్ అద్దెకు కూడా చాలలేదు. మార్చిలో, సెప్టెంబర్‌లో రాత్రి పదకొండు దాకా ఆఫీసులోనే ఉండేవాళ్లం. అయినా ఆ మూడేళ్లలో నేర్చుకున్నదాని మీదే ఇప్పటికీ బతుకుతున్నాను. నేర్చుకునే వయసులో గంటకు ఇంత అని లెక్క పెట్టుకుంటే పని రాదు. చెప్పిన పని చెయ్యాలి, అంతే.

సుజాత_హంటర్‌రోడ్

తిండి విషయంలో మీరన్నదే కరెక్ట్, వదిలేశాను. అది కలిపితే హైదరాబాద్‌లో మిగిలేది 2,500. గంటకు 11 రూపాయలు అవుతుంది. అప్పుడు డబ్బులో హైదరాబాదే ముందుంది, నెలకు సుమారు 1,500 తేడాతో. ఒప్పుకుంటున్నాను.

కానీ రెండో మాట ఒప్పుకోను. మీ ఆర్టికల్‌షిప్ ఇన్‌స్టిట్యూట్‌లో రిజిస్టర్ అయింది. మీ ప్రిన్సిపాల్‌కు, అంటే మీకు నేర్పిన సీఏ గారికి, మీ శిక్షణ విషయంలో బాధ్యత ఉంది. మూడేళ్లయ్యాక ఆ కాలం మీ క్వాలిఫికేషన్‌లో భాగమైంది. ఈ అమ్మాయికి వీటిలో ఒక్కటీ లేదు. మూడు నెలల తర్వాత చేతిలో ఉండేది ఒక లెటర్, తలలో ఉన్న పని. ఆ పని ఏమిటన్నదే చూడాలి.

చిన్న ట్యాక్స్ ఆఫీసులో ఇంటర్న్ పని ఎక్కడ మొదలవుతుందో చెప్తాను. ఎరువుల షాపు, కిరాణా, మెడికల్ షాపు వాళ్లు బిల్లులు ప్లాస్టిక్ కవర్లో కుక్కి పంపుతారు. కొన్ని కార్బన్ కాపీలు, సగం మాసిపోయి ఉంటాయి. వాటిని తేదీల వారీగా సర్ది ట్యాలీలో ఎక్కించడం మొదటి పని. ఇది నేర్చుకోవడానికి పది పన్నెండు రోజులు చాలు. తర్వాత బ్యాంకు స్టేట్‌మెంటును పుస్తకంతో కలపడం. ఆ తర్వాత అసలైనది, ప్రతి నెలా 14న పోర్టల్‌లో వచ్చే GSTR-2Bని, అంటే సప్లయర్లు మన పేరు మీద చూపించిన బిల్లుల జాబితాని, మన కొనుగోళ్లతో సరిపోల్చడం. చివరగా పన్ను లెక్క చూపే రిటర్ను, GSTR-3B, డ్రాఫ్ట్ తయారు చేయడం. ఉద్యోగానికి వెళ్తే అడిగేది చివరి రెండూ. మూడు నెలలూ మొదటి మెట్టు మీదే కూర్చోబెడితే అది డేటా ఎంట్రీ ఉద్యోగం, జీతం లేని ఉద్యోగం.

రెండేళ్ల కింద మా దగ్గరికి వచ్చిన ఒక అమ్మాయితో నోట్‌బుక్ పెట్టించాను. పేజీ మధ్యలో గీత. ఎడమ పక్క కొత్తగా నేర్చుకున్న గంటలు, కుడి పక్క వచ్చిన పనే మళ్లీ చేసిన గంటలు. మొదటి వారం 42లో 30 ఎడమ పక్కనే. మూడో వారానికి 4. ఐదో వారం సున్నా. తను ఆ పేజీ తీసి నా టేబుల్ మీద పెట్టింది. ఏమీ అనలేదు. తప్పు నాదే, సీజన్ హడావిడిలో మర్చిపోయాను. మర్నాటి నుంచి బ్యాంకు పని ఇచ్చాను, ఆ వారం మళ్లీ 15 అయింది.

అనిల్_కాజీపేట

నా అనుభవం కూడా వినండి. రెండేళ్ల క్రితం "ఇంటర్న్‌షిప్ ప్లస్ సర్టిఫికెట్" అని బోర్డు చూసి ఒకచోట నేనే 12,000 కట్టి చేరాను. రెండు నెలలు వీడియోలు చూపించారు, ఒక డమ్మీ కంపెనీ పేరుతో ట్యాలీ చేయించారు. ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ ఇచ్చాను. ఇంటర్వ్యూ చేసినాయన దాన్ని పక్కన పెట్టి, ల్యాప్‌టాప్ నా వైపు తిప్పి, 2B ఎక్సెల్ తెరిచి "ఇందులో మనకు రాని పన్ను క్రెడిట్ ఏది?" అన్నారు. నాకు ఆ షీటు ఏమిటో కూడా తెలియదు. నాన్న ఆ డబ్బు పత్తి అమ్మి కట్టారు. అది ఇప్పటికీ బాధే. డబ్బు అడిగితే అది ఇంటర్న్‌షిప్ కాదు శ్రావ్యా, కోర్సు అమ్ముతున్నారని అర్థం చేసుకో.

కన్సల్టెంట్_మంచిర్యాల

నేను చిన్న ఆఫీసు నడుపుతాను. ఏటా ఒకరిద్దరు పిల్లల్ని తీసుకుంటాను, మొదటి నెల నేనూ ఏమీ ఇవ్వను. ఎందుకో చెప్తాను.

అమ్మకం బిల్లు ఎక్కించేటప్పుడు జీఎస్టీ నంబర్ ఒకరిది బదులు ఇంకొకరిది పడితే, ఆ కొన్నవాళ్ల 2Bలో మన బిల్లు కనపడదు. వాళ్లు మా క్లయింటుకు ఫోన్ చేస్తారు, క్లయింటు నాకు చేస్తాడు. సవరణ వచ్చే నెల రిటర్నులోనే. పోయిన ఏడాది ఒక అబ్బాయి ఒకే రోజు ఏడు బిల్లులు అట్లా ఎక్కించాడు. మొదటి నెల నేను ప్రతి బిల్లూ మళ్లీ చూసుకోవాలి. రోజుకు గంట నాదే పోతుంది. ఆ నెల నేను వాళ్లకు పెట్టే ఖర్చే కానీ వాళ్ల వల్ల నాకు వచ్చేది లేదు.

ఇంకో మాట. జూన్‌లో చేరడం మంచిది. మూడు నెలలకోసారి రిటర్ను వేసే చిన్న షాపుల పని అంతా జూలైలో పడుతుంది. 13లోపు అమ్మకాల రిటర్ను GSTR-1, మన రాష్ట్రానికి 22లోపు 3B. ఐటీ రిటర్నులూ అప్పుడే. ఆ నెల కళ్లు తెరుచుకుని కూర్చుంటే చాలా వస్తుంది.

సుజాత_హంటర్‌రోడ్

సార్, మొదటి పది రోజులకు మీ మాట నిజం. నెలంతా అంటేనే నాకు అభ్యంతరం. రెండో వారం దాటాక ఆమె ఎక్కించిన బిల్లులకు మీరు క్లయింటు దగ్గర ఫీజు తీసుకుంటారా లేదా? తీసుకుంటే ఆ గంటల్లో కొంత ఆమెదే. నిజంగా నేర్పడానికే మొదటి నెల అయితే పది నుంచి రెండు దాకా పిలవండి. నాలుగు గంటలు ఊరికే చేయమంటే పిల్లలు చేస్తారు. ఏడు గంటలు కూర్చోబెట్టి, రిటర్నుల రాత్రులు కూడా ఆపి, శిక్షణ అంటే ఎట్లా?

కన్సల్టెంట్_మంచిర్యాల

పదో రోజు తర్వాత ఎంట్రీ పనికొస్తుందన్నది నిజమే, కాదనను. కానీ సగం మంది నెల కూడా నిండకుండా మానేస్తారు. నేర్పినదంతా పోతుంది. ముందే డబ్బిస్తే నష్టం నాకే. పూట పని మాత్రం ఆలోచించదగ్గదే.

సుజాత_హంటర్‌రోడ్

శ్రావ్యా, రెండు చోట్లా ఈ మూడు అడుగు. మూడో నెలలో నా చేతికి ఏ పని ఇస్తారు? నేను చేసింది ఎవరు చూసి తప్పులు చెప్తారు? ఇంతకు ముందు చేసినవాళ్లతో మాట్లాడొచ్చా? మూడోదానికి తడబడితే ఆలోచించు. ఇంకొకటి కూడా గమనించు. ఇంటర్న్‌లు మారుతూ ఉంటారు కానీ జీతం తీసుకునే అకౌంటెంట్ ఒక్కరూ కనపడకపోతే, ఆ ఆఫీసు ఇంటర్న్‌ల మీదే నడుస్తోందని అర్థం.

శ్రావ్య_పరకాల

అక్కా, అడిగాను. చాలా భయం వేసింది కానీ అడిగాను.

నక్కలగుట్ట సార్ మూడో నెల గురించి "చూద్దాం, నువ్వు నేర్చుకునేదాన్ని బట్టి" అన్నారు. సీనియర్ అకౌంటెంట్ ఉగాదికి మానేశారట. ఇప్పుడు సార్, ఇద్దరు ఇంటర్న్‌లు. ఇంకొకరి కోసం చూస్తున్నానన్నారు. పాత ఇంటర్న్ అక్క నంబర్ మాత్రం అడగగానే ఇచ్చారు. ఆ అక్క మూడు నెలలూ రెండు ఎరువుల షాపులు, ఒక కిరాణా బిల్లులే ఎక్కించిందట. 2B సార్ చూస్తుంటే వెనక నిలబడి చూసిందే కానీ తను చేయలేదు. అయితే శనివారాలు సార్ గంటసేపు కూర్చోబెట్టి నోటీసులకు జవాబు ఎట్లా రాయాలో చెప్పేవారని, ఇప్పటి ఉద్యోగంలో అదే పనికొచ్చిందని చెప్పింది.

హైదరాబాద్ వాళ్లు మెయిల్‌లో స్పష్టంగా రాశారు. ఆరు నెలలూ సప్లయర్ల ఇన్‌వాయిస్‌లు వాళ్ల సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించడమే. వారానికోసారి మేనేజర్ కొన్ని తీసి చూస్తారు. ఆరు నెలలు నిండకపోతే సర్టిఫికెట్ ఇవ్వరు.

రమేశ్_కరీంనగర్

అప్రెంటిస్ రూల్ విషయంలో నాకు పూర్తిగా తెలియక చెప్పాను చెల్లె, ఏమనుకోకు. కానీ హైదరాబాద్ వాళ్లు కనీసం ఉన్నది ఉన్నట్టు చెప్పారు. కార్పొరేట్ ఆఫీసు వాతావరణం కూడా ఒక చదువే. నేనైతే అక్కడికే వెళ్తాను.

సుజాత_హంటర్‌రోడ్

ఉన్నది ఉన్నట్టు చెప్పడం మంచిదే. కానీ చెప్పిన పని పది రోజుల్లో వచ్చేది, చేయించేది ఆరు నెలలు. మధ్యలో వదిలేస్తే కాగితం కూడా రాదు.

నక్కలగుట్టలో మనిషి నేర్పగలడు, కానీ తీరిక లేదు. అక్కడ బేరం ఆడాలి. డబ్బు మీద కాదు, పని మీద. 14 నుంచి 20 దాకా పక్కన కూర్చుంటానని, రెండో నెల నుంచి ఒక క్లయింటు 2B నాకే ఇవ్వమని అడుగు. రాత్రి ఎనిమిదిన్నర విషయం కూడా తేల్చుకో. చీకటి పడ్డాక పరకాల బస్సు ఎక్కి, దిగాక ఊరికి పోవడం ఎట్లా? బస్సు టికెట్ లేకపోవచ్చు కానీ రోజుకు రెండు గంటలకు పైన పోతోంది, అది ఈ లెక్కలో మనం వేయనే లేదు.

వెంకట్_హుజూరాబాద్

అడగండి కానీ రాసివ్వమని మాత్రం అనకండి. చిన్న ఆఫీసుల్లో పెద్దవాళ్లు నొచ్చుకుంటారు.

అనిల్_కాజీపేట

రాసివ్వమనక్కర్లేదు. మాట్లాడి వచ్చాక "సార్, మనం అనుకున్నవి ఇవి" అని వాట్సాప్‌లో మర్యాదగా పెట్టు. ఆయన సరే అంటే చాలు.

శ్రావ్య_పరకాల

అట్లాగే పెట్టాను. మొదటి నెల 1,500 ఇస్తానన్నారు. సాయంత్రం ఏడు దాటి ఉండను. రెండో నెల నుంచి ఒక మెడికల్ షాపు 2B నాదే. పూట పనికి మాత్రం ఒప్పుకోలేదు. మెసేజ్‌కు బొటనవేలు గుర్తు పెట్టారు. జూన్ 1 నుంచి వెళ్తున్నాను.

శ్రావ్య_పరకాల

జూన్ 16. అందరికీ ఒకసారి చెప్పాలని వచ్చాను.

నిన్న సార్ పక్కన కూర్చోబెట్టుకుని ఒక ఎరువుల షాపు 2B చూపించారు. మా ట్యాలీలో కొనుగోలు బిల్లులు 43, 2Bలో 39. ఆ నాలుగు ఎక్కడ పోయాయో నన్నే వెతకమన్నారు. మధ్యాహ్నం అయింది. రెండు బిల్లులు సప్లయర్లు GSTR-1 వేయకపోవడం వల్ల రాలేదు. ఒకటి సప్లయర్ వేరే వాళ్ల జీఎస్టీ నంబర్ కొట్టడం వల్ల. నాలుగోది నేనే రెండుసార్లు ఎక్కించాను. సార్ ఏమీ అనలేదు, "ఇట్లా దొరుకుతుంది" అన్నారు అంతే.

నోట్‌బుక్ పెడుతున్నాను అక్కా. మొదటి వారం 42లో 27 కొత్తవి. రెండో వారం 6. నిన్న ఒక్కరోజే 5. కొత్త అకౌంటెంట్ ఇంకా రాలేదు, బిల్లుల కవర్లు మాత్రం ఇంకో రెండు షాపులవి నా టేబుల్ మీదికి వచ్చాయి. ఈ వారమే అడగాలా, నెల నిండేదాకా ఆగాలా?

కన్సల్టెంట్_మంచిర్యాల

నెల నిండనివ్వమ్మా. ఇంత తొందరగా 2B చూపించాడంటే ఆయన మాట మీద ఉన్నట్టే.

సుజాత_హంటర్‌రోడ్

నెల దాకా వద్దు, ఈ వారమూ వద్దు. 20న 3Bలు వేసేదాకా ఆయనకు ఎవరి మాటా వినపడదు. 21 పొద్దున వెళ్లి నోట్‌బుక్ పేజీ చూపించు. ఆ రెండు షాపుల పని అంతకు ముందు ఎవరిదో, నీ టేబుల్ మీదికి ఎందుకు వచ్చిందో కూడా కనుక్కో.